అప్‌లోడ్ కాని ఫిజిక్స్ ప్రశ్న గురించి సార్‌కి ఉత్తరం

గౌరవనీయులైన సార్‌కి,

నమస్కారం. నిన్న సాయంత్రం డౌట్ల టైమ్‌కి నేను పంపిన ప్రశ్న ఫోటో మీకు చేరలేదు. "ప్రశ్న ఏదమ్మా? నాకు ఖాళీ పెట్టె ఒక్కటే కనిపిస్తోంది" అని మీరు పెట్టిన మెసేజ్ ఈ పొద్దున చూశాను. క్షమించండి సార్. నా డౌట్ కోసం మీరు టైమ్ కేటాయించి కూర్చుంటే, మీ ముందు ప్రశ్నే లేకుండా పోయింది. అది తలుచుకుంటే చాలా బాధగా ఉంది.

నా ఫోన్‌లో మాత్రం అప్‌లోడ్ గీత చివరిదాకా వెళ్లి పచ్చ టిక్ పడింది. అందుకే చేరిందనే అనుకున్నాను. మీ మెసేజ్ చూశాక తెరిస్తే ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు పెట్టె, దాని కింద నేను టైప్ చేసిన "ఇందులో చివరి బిట్ దగ్గర ఆగిపోయాను సార్" అన్న ఒక్క వాక్యం ఉన్నాయి. మళ్లీ పంపినా అంతే. ఫోన్ ఫోటోలను HEIC ఫార్మాట్‌లో సేవ్ చేస్తోందట, అక్కడేమో JPG, PNG తప్ప తెరుచుకోవట. JPGలోకి మార్చి మళ్లీ పెడతాను. కానీ అది వస్తుందో రాదో అని మీరు ఎదురుచూడాల్సిన పని లేకుండా ప్రశ్న మొత్తం ఇక్కడే రాస్తున్నాను. బొమ్మను కూడా మాటల్లో చెప్తాను.

ముందు బొమ్మ. అడుగున అడ్డంగా ఒక గీత ఉంది, అది నేల. పక్కన "నునుపు" అని రాసి ఉంది. నేల మీద పొడవాటి పలక, దాని పేరు B. పలక పైన కుడి చివర చిన్న దిమ్మ, దాని పేరు A. A నుంచి పలక ఎడమ చివరి వరకు రెండు వైపులా బాణాలున్న గీత గీసి 2.25 m అని వేశారు. పలక కుడి అంచు నుంచి కుడివైపుకి ఒక బాణం, దాని మీద F. అంతే, తాడు గానీ కప్పీ గానీ లేవు. F లాగుతున్నది కింది పలకని, పైన ఉన్న దిమ్మని కాదు. లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఇక ప్రశ్న, పుస్తకంలో ఉన్నట్టే:

నునుపైన క్షితిజ సమాంతర తలంపై 4 kg ద్రవ్యరాశి గల B అనే పలక నిశ్చలంగా ఉంది. దాని కుడి చివర 2 kg ద్రవ్యరాశి గల A అనే దిమ్మను ఉంచారు. A, B ల మధ్య స్థైతిక ఘర్షణ గుణకం 0.4, గతిక ఘర్షణ గుణకం 0.3. B ని F అనే క్షితిజ సమాంతర బలంతో కుడివైపుకు లాగుతున్నారు. A పరిమాణాన్ని లెక్కలోకి తీసుకోనవసరం లేదు. g = 10 m/s² గా తీసుకోండి.

(అ) A జారకుండా రెండూ కలిసి కదలాలంటే F గరిష్ఠ విలువ ఎంత?

(ఆ) F = 36 N అయితే A, B ల త్వరణాలు ఎంత? A పలక ఎడమ చివరకు చేరడానికి ఎంత కాలం పడుతుంది?

(ఇ) ఆ కాలంలో ఘర్షణ A పై చేసిన పని, B పై చేసిన పని విడివిడిగా కనుక్కోండి.

(ఈ) F స్థిరంగా ఉండకుండా F = 3t ప్రకారం (F న్యూటన్లలో, t సెకన్లలో) సున్న నుంచి పెరుగుతోంది అనుకోండి. t = 0 నుంచి t = 9 s వరకు A, B ల త్వరణాలు కాలంతో ఎలా మారతాయో ఒకే గ్రాఫ్‌లో గీయండి.

వెనక జవాబుల్లో మొదటి బిట్‌కి 24 N, రెండో దానికి 3 m/s², 7.5 m/s², 1 s, మూడో దానికి 9 J, −22.5 J అని ఇచ్చారు. నాలుగో దానికి గ్రాఫ్ వేయలేదు. "t = 8 s వద్ద రెండు గ్రాఫులు విడిపోతాయి" అని ఒక్క లైన్ రాసి వదిలేశారు. నా సమస్యంతా ఆ లైన్ దగ్గరే.

మొదటి మూడు బిట్లు నాకు వచ్చాయి సార్. మీరు క్లాసులో చెప్పినట్టు A కి, B కి విడివిడిగా బలాల పటం గీసుకున్నాను. A ని ముందుకు తీసుకెళ్లేది ఘర్షణ ఒక్కటే. అది గరిష్ఠంగా 0.4 × 2 × 10 = 8 N ఇవ్వగలదు, కాబట్టి A కి 4 m/s² కంటే ఎక్కువ త్వరణం రాదు. మొత్తం 6 kg కి ఆ త్వరణం కావాలంటే 24 N. రెండో బిట్‌లో 36 N అంతకంటే ఎక్కువ కాబట్టి A జారుతుంది, అప్పుడు ఘర్షణ 0.3 × 2 × 10 = 6 N. అక్కడి నుంచి పుస్తకం జవాబులే వచ్చాయి.

మూడో బిట్ నాకు చాలా నచ్చింది, అందుకే దాని గురించి ఒక మాట. ఆ ఒక్క సెకనులో A నేల మీద 1.5 m ముందుకు వెళ్తే, B 3.75 m వెళ్తుంది. తేడా సరిగ్గా 2.25 m. ఘర్షణ A మీద చేసిన పని +9 J, B మీద −22.5 J. రెండూ కలిపితే −13.5 J, అంటే 6 N × 2.25 m. ఈ 13.5 J వేడిగా మారింది అని రాసుకున్నాను. తర్వాత మొత్తం లెక్క సరిచూశాను. F చేసిన పని 36 × 3.75 = 135 J. A కి వచ్చిన గతిజశక్తి 9 J, B కి 112.5 J, వేడి 13.5 J. కలిపితే 135 వచ్చింది. ఘర్షణ ఎప్పుడూ వేగాన్ని తగ్గిస్తుందనే అనుకునేదాన్ని, ఇక్కడ A ని నడిపించేదే అది. జారకుండా కలిసి వెళ్లేటప్పుడు కూడా ఘర్షణ A మీద ధన పని, B మీద అంతే రుణ పని చేస్తుంది, రెండూ సరిపోతాయి కాబట్టి వేడి పుట్టదు అనుకుంటున్నాను. ఇది సరైనదేనా సార్?

ఇప్పుడు అసలు డౌట్. నాలుగో బిట్‌లో F = 24 N అయ్యేది t = 8 s దగ్గర. అప్పటిదాకా రెండూ కలిసే వెళ్తాయి, ఉమ్మడి త్వరణం

a = 3t/6 = t/2

అంటే సున్న నుంచి 4 m/s² దాకా తిన్నగా ఎక్కే సరళరేఖ. ఆ సమయంలో ఘర్షణ 2 × t/2 = t న్యూటన్లు. మొదటి నుంచీ 8 N ఉండదు, అవసరమైనంతే పెరుగుతూ పోయి 8 s దగ్గర తన హద్దుకి చేరుతుంది. ఇంతవరకు నాకు స్పష్టంగానే ఉంది. 8 s దాటాక A జారడం మొదలవుతుంది కాబట్టి ఘర్షణ 6 N. అప్పుడు

A త్వరణం = 6/2 = 3 m/s²

B త్వరణం = (3t − 6)/4

రెండో దానిలో t = 8 వేస్తే 4.5 m/s² వస్తోంది. అంటే 8 s దగ్గర A త్వరణం 4 నుంచి ఒక్కసారిగా 3 కి పడిపోతోంది, B త్వరణం 4 నుంచి 4.5 కి ఎగురుతోంది. ఎవరూ కుదుపు ఇవ్వలేదు, ఏదీ ఢీకొనలేదు. F నెమ్మదిగా, ఒకే తీరుగా పెరుగుతోంది. లాగే బలం పెరుగుతున్న క్షణంలోనే A త్వరణం తగ్గడం ఏమిటా అని చాలాసేపు అక్కడే ఆగిపోయాను.

సమీకరణాల్లో తప్పుందేమో అని చూశాను. జారక ముందు 2 × 4 + 4 × 4 = 24. జారిన వెంటనే 2 × 3 + 4 × 4.5 = 24. రెండూ F కి సరిపోతున్నాయి. A 9 s లోపే పలక మీద నుంచి పడిపోతుందేమో అని కూడా చూశాను. 8 నుంచి 9 s మధ్య అది పలక మీద వెనక్కి జారేది 0.875 m మాత్రమే, కాబట్టి పడదు. 9 s దగ్గర A త్వరణం 3, B త్వరణం 5.25.

తర్వాత రెండు గుణకాలూ 0.4 అనుకుని చేసి చూశాను. అప్పుడు జారాక A త్వరణం 4 దగ్గరే ఉండిపోతుంది, B త్వరణం (3t − 8)/4. 8 s దగ్గర అది కూడా 4. అంటే గెంతు లేదు, ఒకే రేఖ రెండుగా చీలుతుంది, అంతే. కాబట్టి ఈ గెంతుకి కారణం 0.4, 0.3 ల మధ్య తేడాయేనని నాకు అర్థమైంది. బరువైన బీరువాని నెట్టేటప్పుడు కదిలే క్షణంలో చేతికి ఒక్కసారి తేలికగా అనిపిస్తుంది కదా, అది కూడా ఇదేనా సార్?

పుస్తకంలోని "విడిపోతాయి" అన్న మాట రెండు రకాల గ్రాఫులకీ సరిపోతుంది. అందుకే మిమ్మల్ని అడగాలనిపించింది. గ్రాఫ్‌లో 8 s దగ్గర నిలువు గీత గీసి కలపాలా, లేక తెంపి వదిలేయాలా? నేను 4 దగ్గర నిండు చుక్క, 3 దగ్గరా 4.5 దగ్గరా ఖాళీ చుక్కలు పెట్టాను, ఎందుకంటే సరిగ్గా 8 s దగ్గర F ఇంకా 24 దాటలేదు కాబట్టి స్థైతిక ఘర్షణ ఇంకా పట్టి ఉంచుతుంది. ఇంకో విషయం. నిజం వస్తువుల్లో కూడా ఘర్షణ 8 నుంచి 6 కి ఇలా క్షణంలో పడుతుందా, లేక మనం లెక్క సులువు కోసం రెండు అంకెలు తీసుకోవడం వల్ల అలా కనిపిస్తోందా? వేగం గ్రాఫ్ గీస్తే మాత్రం ఎక్కడా తెగకూడదు, 8 s దగ్గర వాలు మారితే చాలు అనుకుంటున్నాను.

పూర్తి సాధన రాయనవసరం లేదు సార్. నా గ్రాఫ్ సరైనదో కాదో, కాకపోతే ఎక్కడ మళ్లీ ఆలోచించాలో ఒక మాట చెప్పండి, మిగతాది నేనే చేసుకుని చూపిస్తాను. వీలు లేకపోతే వచ్చే క్లాసు అయ్యాక ఐదు నిమిషాలు ఇచ్చినా చాలు, నోట్‌బుక్ తెస్తాను. గ్రాఫ్‌ని ఈసారి JPGగా పంపుతాను, పంపాక మీ వైపు తెరుచుకుందో లేదో మెసేజ్ పెట్టి కనుక్కుంటాను. నిన్న మీ సమయం వృథా అయినందుకు మరోసారి క్షమించండి.

ఇట్లు,
మీ విద్యార్థిని
హారిక