పిన్ని గారి మందుల చీటీలో నేను చదవగలిగినంత

బాబాయి గారికి నమస్కారం.

నిన్న రాత్రి మీరు వాట్సాప్‌లో పంపిన పిన్ని గారి మందుల చీటీ ఫోటో అందింది. దానితో పాటు ఒక్క మాట కూడా రాయకపోవడం వల్ల, మీరు అడగదలచుకున్నది మందుల పేర్లా, వాటి ధరలా, లేక మరేదైనా సందేహమా అన్నది నాకు తెలియలేదు. అందుచేత కాగితం మీద కనిపిస్తున్నదాన్ని కనిపిస్తున్నట్లుగానే రాస్తున్నాను. బ్రాడీపేటలో మా మందుల షాపుకు వచ్చే చీటీల విషయంలోనూ నా పద్ధతి ఇదే.

చీటీ పైభాగంలో సూర్యారావుపేటలోని క్లినిక్ చిరునామా, డాక్టరు గారి రిజిస్ట్రేషన్ నంబరు అచ్చులో స్పష్టంగా ఉన్నాయి. పేరు, వయసు పిన్ని గారివే. ఎడమ పక్క మార్జిన్‌లో బీపీ 150/90 అనీ, నాడి 82 అనీ, బరువు 68 కిలోలనీ, వేలి నుంచి తీసిన రక్తంలో చక్కెర 212 అనీ చేతిరాతలో ఉంది. ఆ చక్కెర పరీక్ష పరగడుపున చేసిందో భోజనం తర్వాత చేసిందో అక్కడ రాయలేదు. ఆ కింద రెండు నెలలుగా అరికాళ్ళ మంటలు అనే ఫిర్యాదూ, ఇదివరకే షుగరు, బీపీ ఉన్నాయని తెలిపే పొడి అక్షరాలూ ఉన్నాయి.

మొదటి మందు దగ్గరే చిక్కు ఉంది. అది గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర. మెట్‌ఫార్మిన్ 500 అన్నది బాగానే కనిపిస్తోంది కాని, గ్లిమిపిరైడ్ పక్కన ఉన్న అంకె మీద సరిగ్గా ట్యూబులైటు మెరుపు పడింది. మీరు చీటీని ప్లాస్టిక్ కవరులోంచి తీయకుండానే ఫోటో తీసినట్లున్నారు. ఆ అంకె 1 కావచ్చు, 2 కావచ్చు. ఈ రెండు బలాల్లోనూ అదే మాత్ర బజారులో దొరుకుతుంది కనుక, ఎక్కువగా అమ్ముడుపోయేది ఏదో చూసి ఇదే అయి ఉంటుందని చెప్పడం నా వల్ల కాదు. దాని ఎదురుగా 1-0-1 అని ఉంది, అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ముప్ఫై రోజులు అని రాశారు. భోజనానికి ముందా, తర్వాతా అన్న గుర్తు ఆ వరుసలో నాకు కనిపించలేదు.

రెండవది టెల్మిసార్టాన్ 40, 1-0-0, ముప్ఫై రోజులు. మూడవది మిథైల్‌కోబాలమిన్ 1500 మైక్రోగ్రాములు, 0-0-1; రోజుల సంఖ్య చెరిగిపోయింది. నాలుగవది పాంటోప్రజోల్ 40, 1-0-0, పది రోజులు, పక్కన భోజనానికి ముందు అని సూచించే ఏ.సి. అనే అక్షరాలు ఉన్నాయి. అయిదవది పారాసిటమాల్ 650. దాని పక్కన ఎస్.ఓ.ఎస్. అని మాత్రమే ఉంది, అంటే అవసరమైనప్పుడు అని అర్థం. రోజుకు ఎన్ని, ఎన్ని గంటలకు ఒకటి అన్నది డాక్టరు గారు రాయలేదు కాబట్టి నేనూ నా తరఫున చేర్చడం లేదు. దాని కింద ఆరవ వరుస ఉన్నట్లు కాగితం మడతలోంచి ఒక్క అక్షరం తొంగిచూస్తోంది. అది మందో, ఆహార సూచనో తెలియదు.

కుడివైపు హెచ్‌బీఏ1సీ, సీరం క్రియాటినిన్, మూత్ర పరీక్ష, ఈసీజీ చేయించమని ఉంది. రిపోర్టులతో ఒక నెల తర్వాత రమ్మన్నారు. అడుగున అచ్చువేసిన "15 రోజుల వరకు చెల్లును" అన్న వాక్యం మందుల గురించి కాదు. మన వైపు ఓపీ చీటీల మీద, ఆ గడువులోపు మళ్ళీ చూపించుకుంటే ఫీజు అక్కరలేదని చెప్పడానికి అలా వేస్తారు. దాన్ని చూసి పదిహేను రోజులకే మందులు ఆపేసినవాళ్ళు మా షాపుకు వస్తూనే ఉంటారు కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను.

మందులు ఇప్పటికే కొని ఉంటే స్ట్రిప్పులనూ బిల్లునూ కూడా ఫోటో తీసి పంపండి. అయితే బిల్లు చూస్తే షాపువాళ్ళు ఏమి ఇచ్చారో తెలుస్తుంది కాని, డాక్టరు గారు ఏమి రాశారో తెలియదు. అందుకని చీటీని కవరులోంచి తీసి, మడత విప్పి, పగటిపూట కిటికీ దగ్గర మరొక ఫోటో తీయండి. అప్పటికీ ఆ గ్లిమిపిరైడ్ అంకె తేలకపోతే క్లినిక్‌కే ఫోన్ చేసి అడగండి. చీటీ పైన వాళ్ళ నంబరు ఉంది. మీరు అసలు తెలుసుకోవాలనుకున్నది ఏమిటో కూడా ఆ ఫోటోతో పాటు ఒక్క వాక్యంలో రాయండి.

పిన్ని గారిని అడిగినట్లు చెప్పండి.