జనవరి స్టైపెండ్ ఫిబ్రవరి 12, గురువారం సాయంత్రం 5 లోపు పడుతుంది (శుక్రవారం మెసేజ్ వదిలేసి ఇది చదవండి)

ఇంటర్న్స్ అందరికీ నమస్కారం.

ముందు అసలు విషయం. మీ జనవరి స్టైపెండ్ ఈ నెల 12, గురువారం సాయంత్రం 5 గంటల లోపు మీ ఖాతాల్లో ఉంటుంది. మొదటి నుంచి ఉన్న 9 మందికి 8,000 చొప్పున, జనవరి 16న చేరిన ఇద్దరికి ఒప్పుకున్న ప్రకారం 4,000 చొప్పున, మొత్తం 80,000. ఎవరికీ ఒక్క రూపాయి తగ్గదు, విడతలుగా రాదు. గురువారం దాకా ఆగడం కష్టమైతే ఈ రోజే 3,000 అడ్వాన్స్ తీసుకోవచ్చు, ఎలాగో కింద రాశాను. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడిదాకా చదివితే చాలు. మిగతాది ఎందుకు ఆలస్యమైందో తెలుసుకోవాల్సిన హక్కు మీకుంది కాబట్టి రాస్తున్నాను.

శుక్రవారం, 6న, నేను గ్రూపులో ఇలా పెట్టాను: "రథసప్తమి, రిపబ్లిక్ డే సెలవుల కారణంగా స్టైపెండ్ ప్రాసెస్‌లో కొంత ఆలస్యం జరిగింది. త్వరలోనే జమ అవుతుంది. సహకరించగలరు."

ఆ మెసేజ్‌ని వెనక్కి తీసుకుంటున్నాను. సెలవులు జనవరి 24 నుంచి 26 వరకు. మీకు డబ్బు పడాల్సింది ఫిబ్రవరి 5న. మధ్యలో వారం పైన పనిదినాలు ఉన్నాయి. పైగా నెఫ్ట్ ఆదివారమైనా, పండగైనా పనిచేస్తుంది, 2019 డిసెంబరు నుంచీ రోజంతా నడుస్తూనే ఉంది. అరసవల్లిలో రథసప్తమికి ఊరంతా రద్దీగా ఉన్న మాట నిజమే గానీ, మీ డబ్బు ఆగింది దానివల్ల కాదు. అసలు కారణం చెప్పడానికి మొహమాటపడి అలా రాశాను. తప్పు నాది, క్షమించండి.

శనివారం సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే మీలో ఒకరు కలిశారు. కోపంగా ఏం అడగలేదు. "మేడమ్, ఎప్పుడో ఒక తారీఖు చెప్పండి చాలు. ఇంటి ఓనర్ రోజూ అడుగుతున్నారు, 'త్వరలో' అంటే ఆయన ఒప్పుకోవట్లేదు" అన్నారు. ఆ మాట విన్నాక ఆదివారం మా పార్ట్‌నర్లిద్దరితో కూర్చుని, తారీఖు తేలేదాకా లేవలేదు. ఆ తారీఖే పైన రాసినది.

ఇక జరిగింది జరిగినట్టు చెబుతాను.

మన స్టాక్ యాప్ వాడే పలాస జీడిపప్పు వ్యాపారి ఒకరు ప్రతి నెలా మన పనికి డబ్బు ఇస్తారు. మీలో కొందరు వాళ్ల యూనిట్‌కి వెళ్లి, గుళ్లు బద్దలు వేరుచేసే బల్లల దగ్గర నిలబడి గ్రేడ్లు రాసుకొచ్చారు కదా, వాళ్లే. డిసెంబరు పనికి 2,40,000 బిల్లు జనవరి 5న పంపాం. అందులో వాళ్ల జీఎస్టీ నంబరు తప్పు పడింది. 37తో మొదలయ్యే ఆ 15 అక్షరాల్లో పక్కపక్కనున్న రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. అలాంటి బిల్లు మీద వాళ్లు కట్టిన పన్ను తిరిగి సర్దుబాటు చేసుకోలేరు, అందుకని న్యాయంగానే వెనక్కి పంపారు. వాళ్ల మెయిల్ జనవరి 22న వచ్చింది. మన ఆఫీసు మెయిల్‌ని నలుగురం చూస్తాం. ఎవరికి వాళ్లం పక్కవాళ్లు చూస్తారులే అనుకున్నాం. 30వ తేదీ దాకా దాన్ని ఎవరూ తెరవలేదు. సరిచేసిన బిల్లు ఫిబ్రవరి 2న వెళ్లింది. సరైన బిల్లు చేరాక 15 రోజుల్లో ఇస్తామనేది వాళ్లతో మన ఒప్పందం, అంటే 17వ తేదీకి. పలాస వాళ్ల వైపు ఆలస్యం ఏమీ లేదు. ఈ వారం అక్కడికి వెళ్లేవాళ్లు దయచేసి వాళ్లతో ఈ విషయం ఎత్తకండి.

బిల్లు తప్పు ఒక్కటే అయితే మీ డబ్బు ఆగేది కాదు. జనవరి 31న ఆఫీసు స్టాఫ్‌కి, నాతో సహా, జీతాలు పడ్డాయి. అద్దె, కరెంటు బిల్లు కట్టాం. మీ స్టైపెండ్‌ని మాత్రం పలాస నుంచి రాబోయే డబ్బు మీద పెట్టుకున్నాం. 5వ తేదీ పొద్దున ఖాతా చూస్తే 31,400 ఉంది. కావాల్సింది 80,000. అంటే అందరిలోకీ తక్కువ తీసుకునేవాళ్లని చివర నిలబెట్టాం. మా జీతాలు వేసుకునే రోజునే మీ 80,000 పక్కన పెట్టి ఉండాల్సింది. ఈ ఆలస్యానికి అసలు మూలం అదే. మా పార్ట్‌నర్లిద్దరూ ఈ మాట ఉన్నదున్నట్టు రాయమన్నారు.

గురువారం అని ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, మీ డబ్బు ఇప్పుడు పలాస బిల్లుతో ముడిపడి లేదు. ఆఫీసు పేరు మీద లక్షన్నర ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఉంది. గడువుకి ముందే దాన్ని తీసేస్తున్నాం. ఈ రోజు పొద్దున బ్యాంకులో కాగితం ఇచ్చి వచ్చాను. దాని మీద ఇద్దరు పార్ట్‌నర్లూ సంతకం పెట్టాలి. ఒకరు పెట్టారు, రెండోవారు రేపు, మంగళవారం, ఊరి నుంచి వస్తున్నారు. బుధవారానికి డబ్బు మన కరెంట్ ఖాతాలో పడుతుందని బ్యాంకులో చెప్పారు. గురువారం పొద్దున 11కి మీ అందరికీ ఒకేసారి పంపుతాం. ఏ కారణంతోనైనా బుధవారం సాయంత్రానికి డిపాజిట్ డబ్బు పడకపోతే, మా పెద్ద సార్ సొంత సేవింగ్స్ ఖాతా నుంచి గురువారమే మీకు వేస్తారు. ఆ 80,000 ఆ ఖాతాలో ఉందని నేను కళ్లారా చూశాను. ముందే డిపాజిట్ తీసినందుకు తగ్గే వడ్డీ ఆఫీసుదే, మీకు సంబంధం లేదు.

శుక్రవారం దాకా జరపకపోవడానికీ కారణముంది. 14 రెండో శనివారం, 15 ఆదివారం, శివరాత్రి. చాలామంది ఊళ్లకి వెళతారు. గురువారం వేస్తే, ఎవరిదైనా ఖాతా వివరం తప్పై డబ్బు తిరిగొస్తే, బ్యాంకు తెరిచి ఉండే శుక్రవారం ఒకరోజు చేతిలో ఉంటుంది.

ఈ తిరిగిరావడం గురించి ఒక్క మాట. డిసెంబరులో ఇద్దరికి ఇలాగే జరిగింది. గ్రామీణ బ్యాంకులో ఖాతా ఉన్నవాళ్లు ముఖ్యంగా చూసుకోండి. 2025 మే 1న మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. మన జిల్లాలో చాలామంది దగ్గర ఇంకా వికాస్ బ్యాంకు పాత పాస్‌బుక్కే ఉంది. దాని మీదున్న ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చూసి రాయొద్దు, బ్రాంచిలో గానీ బ్యాంకు యాప్‌లో గానీ ఇప్పటి కోడ్ అడిగి తెలుసుకోండి. ఆ కోడ్ 11 అక్షరాలు ఉంటుంది, ఐదోది ఎప్పుడూ సున్నాయే, ఇంగ్లిష్ 'ఓ' కాదు. ఖాతా నంబరు, కోడ్ మారినవాళ్లు రేపు సాయంత్రం 5 లోపు నాకు విడిగా పంపండి, గ్రూపులో పెట్టకండి. ఏమీ మారనివాళ్లు ఏమీ చేయక్కర్లేదు.

అడ్వాన్స్ సంగతి. రూమ్ అద్దె, మెస్ బిల్లు, కాలేజీ ఫీజు, ఇంట్లో మందులు, ఏదైనా కావచ్చు. కారణం చెప్పాల్సిన పని లేదు, నేను అడగను. నా నంబరుకి "అడ్వాన్స్" అని ఒక్క ముక్క పంపండి. రాత్రి 7 లోపు అడిగితే 3,000 యూపీఐలో ఈ రాత్రే వస్తుంది, తర్వాత అడిగితే రేపు పొద్దున 10కి. ఖాతాలో ఉన్న ఆ 31,400 నుంచే ఇస్తున్నాం. గురువారం మిగతా 5,000 పడుతుంది (జనవరి 16న చేరినవాళ్లకి 1,000). ఎవరు తీసుకున్నారో నాకూ, అకౌంట్స్ మేడమ్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదు. 5వ తేదీ దాటిందని ఓనరో మెస్ వాళ్లో ఆలస్యపు రుసుము వేసి ఉంటే అది కూడా చెప్పండి. ఆ రుసుము మా వల్ల పడింది, ఆఫీసే కడుతుంది.

ఇంటి ఓనర్‌కి, మెస్ వాళ్లకి చూపించడానికి లెటర్‌హెడ్ మీద ఉత్తరం తయారు చేశాను. ఫ్రంట్ డెస్క్ దగ్గర సంతకం, స్టాంపుతో 11 కాపీలు ఉన్నాయి. అందులో ఇలా ఉంది:

"అయ్యా/అమ్మా, ఈ ఉత్తరం తెచ్చినవారు మా ఆఫీసులో ఇంటర్న్‌గా పనిచేస్తున్నారు. వీరికి ఫిబ్రవరి 5న ఇవ్వాల్సిన స్టైపెండ్ మా పొరపాటు వల్ల ఆలస్యమైంది. ఫిబ్రవరి 12, గురువారం సాయంత్రం 5 లోపు వీరి ఖాతాలో జమ చేస్తాం. ఆలస్యంలో వీరి తప్పు ఏమీ లేదు. అంతవరకు గడువు ఇవ్వగలరని మనవి. ఏదైనా అడగదలిస్తే ఈ కాగితం మీదున్న ఆఫీసు నంబరుకి ఫోన్ చేయండి."

ఓనర్ నేరుగా మాట్లాడాలంటే ఫోన్ నాకివ్వండి, నేనే చెబుతాను.

ఆమదాలవలస, నరసన్నపేట, ఎచ్చెర్ల వైపు నుంచి రోజూ బస్సుకో ఆటోకో డబ్బులు పెట్టుకుని వచ్చేవాళ్లు గురువారం దాకా ఇంటి నుంచే పని చేయొచ్చు. హాజరు పూర్తిగా వేస్తాం. ఇంట్లో నెట్ సరిగా లేకపోతే చేయగలిగినంత చేయండి, మిగతాది శివరాత్రి తర్వాత చూసుకుందాం. స్టైపెండ్ గురించి అడిగినందుకు సర్టిఫికెట్ మీదో రిపోర్టు మీదో ప్రభావం పడుతుందని ఇద్దరు భయపడ్డారని విన్నాను. అలాంటిదేమీ ఉండదు. మీ డబ్బు మీరు అడగడంలో తప్పేముంది?

వచ్చే నెల నుంచి మూడు మార్పులు. మీ స్టైపెండ్‌కి విడిగా ఒక ఖాతా పెడుతున్నాం, ప్రతి నెలా 25 లోపు ఆ నెల మొత్తం అందులోకి వెళుతుంది, తర్వాతే మా జీతాలు. ఫిబ్రవరి స్టైపెండ్ మార్చి 5, గురువారం పడుతుంది. బయటికి వెళ్లే ప్రతి బిల్లునీ ఇకపై ఇద్దరు చదువుతారు, జీఎస్టీ నంబరు ఒకరు పైకి చదివితే ఇంకొకరు సరిచూస్తారు. ఆఫీసు మెయిల్ రోజూ పొద్దున, సాయంత్రం చూసే బాధ్యత ఇక నా ఒక్కదానిదే.

బుధవారం సాయంత్రం 6కి డిపాజిట్ డబ్బు పడిందో లేదో గ్రూపులో చెబుతాను. పడకపోయినా చెబుతాను. గురువారం పంపాక ఒక్కొక్కరికీ ట్రాన్సాక్షన్ నంబరు విడిగా వస్తుంది. సాయంత్రం 5 దాటినా ఖాతాలో కనిపించకపోతే మెసేజ్ పెట్టి ఎదురుచూడకండి, నేరుగా ఫోన్ చేయండి.

ఈ రోజు రాత్రి 8 దాకా ఆఫీసులోనే ఉంటాను. వచ్చి మాట్లాడాలనుకున్నవాళ్లు రండి, చెప్పి రావక్కర్లేదు.

మీ ట్రైనింగ్ కోఆర్డినేటర్,
శ్రీకాకుళం ఆఫీసు
ఫిబ్రవరి 9, సోమవారం