ద్విపద విభాజనం: ఇంటర్ రెండో సంవత్సరం అభ్యాస పత్రం

ఫార్ములా అందరికీ నోటికి వచ్చు. మార్కులు పోయేది అది పనికిరాని చోట వాడినప్పుడే. అందుకే ప్రతి లెక్కలోనూ ముందు నాలుగు విషయాలు చూడండి: యత్నాల సంఖ్య n ముందే తెలుసా? ప్రతి యత్నంలో ఫలితాలు రెండేనా? p మారకుండా ఉందా? ఒక యత్నం ఫలితం మరోదాన్ని ప్రభావితం చేస్తుందా?

1. ఒక రకం వేరుశనగ విత్తనం మొలిచే సంభావ్యత 0.8. దూరదూరంగా నాటిన 5 విత్తనాల్లో కనీసం 4 మొలిచే సంభావ్యత ఎంత?

సాధన: n = 5, p = 0.8, q = 0.2.
P(X ≥ 4) = 5(0.8)⁴(0.2) + (0.8)⁵ = 0.4096 + 0.32768 = 0.73728

2. ద్విపద చలరాశి X మధ్యమం 4, విస్తృతి 3. P(X ≥ 1) కనుక్కోండి.

సాధన: npq ని np తో భాగిస్తే q = 3/4. కాబట్టి p = 1/4, n = 16. జవాబు 1 − (3/4)¹⁶.

3. పెట్టెలో 10 బల్బులు, వాటిలో 3 పాడైనవి. తీసినవి తిరిగి పెట్టకుండా 4 తీస్తే, సరిగ్గా ఒకటి పాడైనది కావడానికి సంభావ్యత?

సాధన: చాలామంది p = 0.3 అని 4(0.3)(0.7)³ = 0.4116 రాసేస్తారు. అది తప్పు. మొదటిది పాడైనదైతే రెండోసారి అవకాశం 2/9, మంచిదైతే 3/9. అంటే యత్నాలు స్వతంత్రం కావు. సంయోగాలతోనే చేయాలి:
³C₁ × ⁷C₃ / ¹⁰C₄ = 105/210 = 0.5
తేడా చిన్నది కాదు, చూడండి. అదే 10,000 బల్బుల్లో 3,000 పాడైనవి అయితే, నాలుగు తీసినా నిష్పత్తి దాదాపు కదలదు. అక్కడ 0.4116 వాడినా ఫరవాలేదు. తిరిగి పెట్టి తీస్తే మాత్రం పెట్టె చిన్నదైనా ద్విపదమే.

4. మూడో బొమ్మ పడేదాకా నాణెం ఎగరేస్తాం. సరిగ్గా 5వ సారికి ఆగే సంభావ్యత?

సాధన: ఎన్నిసార్లు ఎగరేయాలో ముందే తెలియదు, కాబట్టి ఎగరేతల సంఖ్య ద్విపదం కాదు. కానీ మొదటి 4 సార్లలో 2 బొమ్మలు పడటం ద్విపదమే. ఆపైన 5వది బొమ్మ పడాలి.
⁴C₂(1/2)⁴ × 1/2 = 3/16
⁵C₃/32 = 5/16 అని రాస్తే, మూడో బొమ్మ ముందే పడిపోయిన వరసలూ అందులో కలిసిపోతాయి.

5. ఎంసెట్ తరహా పరీక్ష: 160 ప్రశ్నలు, నాలుగేసి ఆప్షన్లు, నెగెటివ్ మార్కులు లేవు. ఒక విద్యార్థికి 100 ఖచ్చితంగా వచ్చు, మిగతా 60 గుడ్డిగా పెడతాడు. మొత్తం మార్కుల మధ్యమం, విస్తృతి?

సాధన: p అన్ని ప్రశ్నలకూ ఒకటి కాదు, కాబట్టి మొత్తం మార్కులు ద్విపదం కావు. గుడ్డిగా పెట్టిన 60 మాత్రం ద్విపదం. మధ్యమం 100 + 15 = 115, విస్తృతి 60 × 1/4 × 3/4 = 11.25.

6. (మీరే చేయండి) విశాఖలో జూలైలో వరసగా 7 రోజులు. X అంటే వాన పడిన రోజుల సంఖ్య. X ద్విపదమా? అల్పపీడనం పట్టిన వారాన్ని గుర్తుచేసుకుని, పై నాలుగు షరతుల్లో ఏది తప్పుతుందో రెండు వాక్యాల్లో రాయండి.