నగదు ప్రవాహ అంచనా – వివరణ పత్రం (ప్రోగ్రామ్ రివిజన్ 4కు జతగా)

లెండర్ తరఫు మానిటరింగ్ ఇంజనీర్ గారికి,

ప్రాజెక్టు: బాచుపల్లి, హైదరాబాద్. రెండు సెల్లార్లు, స్టిల్ట్, 14 అంతస్తులతో ఏ, బీ బ్లాకులు.
లెక్క తేదీ: 30 సెప్టెంబర్ 2025. అంకెలన్నీ కోట్ల రూపాయల్లో, జీఎస్టీ కలిపి.

నిర్మాణ బడ్జెట్ 118.00. ఇప్పటిదాకా చెల్లించింది 61.40, ఇంకా కావలసింది 56.60. ఇందులో మీ రుణం నుంచి తీసుకోవలసినది 26.00, కొనుగోలుదారుల వాయిదాలు 22.70, ప్రమోటర్ వాటా 5.80, చేతిలో ఉన్న నిల్వ 2.10. రెరా నిబంధన ప్రకారం ప్రత్యేక ఖాతాలో వేయాల్సిన 70 శాతాన్నే వాయిదాల కింద చూపాం. మిగతా 30 శాతాన్ని ఈ లెక్కలోకి తేలేదు.

ముందుగా బీ బ్లాక్ సంగతి. ఈపాటికి 11వ స్లాబ్ పడాలి, 8 దగ్గరే ఉన్నాం. మొత్తం 33 రోజుల వెనకబాటు. ఆగస్టు వానలకు రాంపు వైపు నుంచి సెల్లార్‌లోకి నీళ్లు చేరడంతో 12 రోజులు పోయాయి. ఏ బ్లాక్ నుంచి రావలసిన అల్యూమినియం షట్టరింగ్ సెట్టు ఆలస్యంగా దిగడం వల్ల మిగతా 21 రోజులు పోయాయి. ఇకమీద స్లాబుకు 8 రోజులు చాలని కాంట్రాక్టర్ అంటున్నాడు. గత ఐదు స్లాబుల సగటు 11 రోజులు కాబట్టి ప్రోగ్రామ్‌లో 11 రోజులే వేశాం. దీపావళికి, ఛఠ్‌కు బీహార్ బ్యాచ్ ఊరెళ్తుంది, అందుకు ఇంకో పది రోజులు వదిలాం. ఈ లెక్కన 9వ స్లాబ్ అక్టోబర్ 4న, 14వది డిసెంబర్ 8న పడతాయి. పాత ప్రోగ్రామ్‌లో చివరి స్లాబ్ నవంబర్ 5కే ఉంది.

ఈ ఆలస్యం ఖర్చు కంటే రాబడినే ఎక్కువగా దెబ్బతీస్తుంది. స్లాబ్ పడితేనే డిమాండ్ లెటర్ వెళ్తుంది, ఆ తరువాతే కొనుగోలుదారుడి బ్యాంకు డబ్బు విడుదల చేస్తుంది. ఖర్చు మాత్రం ఆగదు, ఎందుకంటే ఏ బ్లాక్‌లో ఫినిషింగ్ పనులు జోరుగా నడుస్తున్నాయి.

| నెల | చెల్లింపు | వాయిదాలు | ప్రమోటర్ | రుణం | నెలాఖరు నిల్వ |
|---|---|---|---|---|---|
| అక్టోబర్ | 4.20 | 1.60 | 1.00 | – | 0.50 |
| నవంబర్ | 4.60 | 1.90 | 1.00 | 3.00 | 1.80 |
| డిసెంబర్ | 5.30 | 2.60 | 1.00 | 5.00 | 5.10 |
| జనవరి | 7.90 | 2.10 | 1.00 | – | 0.30 |
| ఫిబ్రవరి | 6.10 | 2.80 | 1.00 | 3.50 | 1.50 |
| మార్చి | 5.40 | 3.00 | 0.80 | 2.00 | 1.90 |

జనవరి వరుసను ప్రత్యేకంగా చూడమని కోరుతున్నాం. సంక్రాంతికి మేస్త్రీలు, పెయింటర్లు ఊళ్లకు వెళ్లడంతో ఆ నెల పని తగ్గుతుంది. అయినా చెల్లింపు అన్నింటికన్నా ఎక్కువ. నవంబర్ పని బిల్లు డిసెంబర్ 5న వస్తుంది, 15కల్లా సర్టిఫై అవుతుంది, ఆ తరువాత 30 రోజులకు, అంటే జనవరి మధ్యలో డబ్బు కట్టాలి. దానికి 4.70. లిఫ్టుల సామాను బయలుదేరే ముందు 0.90, కిటికీల అడ్వాన్సు 1.10, టైల్స్‌కు 1.20. టైల్స్‌ను విడతలుగా తెప్పిస్తే జనవరి భారం తగ్గేది. కానీ లాటు మారితే షేడ్ మారుతుంది, ఒకే హాలులో రెండు రంగులు కనిపిస్తాయి. అందుకే ఒకే లాటు తీసుకుంటున్నాం.

కాబట్టి డిసెంబర్ విడత 5.00 ఆ నెల 20లోగా అందాలి. అది రాకపోతే జనవరి ఆఖరుకు 4.70 లోటు పడుతుంది. సైట్ తనిఖీని డిసెంబర్ 10–12 మధ్య పెట్టుకుంటే అప్పటికి 14వ స్లాబ్ పడి ఉంటుంది, మీరు స్వయంగా చూసి సిఫార్సు చేయవచ్చు.

బీ బ్లాక్ మరో 21 రోజులు జారితే ఏమవుతుందో కూడా వేసి చూశాం. డిసెంబర్ వాయిదాల్లో 1.10 ఫిబ్రవరికి పోతుంది, జనవరి నిల్వ మైనస్ 0.80 అవుతుంది. అప్పుడు ఫిబ్రవరిలో తేవలసిన 1.00 వాటాను జనవరిలోనే తేవడానికి ప్రమోటర్ ఒప్పుకున్నారు. నిల్వ 0.20కి వస్తుంది. ఇది చాలా ఇరుకు, దాచడం లేదు. పని జారితే బిల్లులు కూడా కొంత తగ్గుతాయి, కానీ ఆ తగ్గుదలను ఇక్కడ లెక్కించలేదు.

సిమెంటుపై జీఎస్టీ సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. ఆ పన్నుకు క్రెడిట్ తీసుకునేది కాంట్రాక్టర్, కాబట్టి ఆదా ఏమీ చూపలేదు. ఫ్లాట్ల అమ్మకంపై మాకు క్రెడిట్ లేని 5 శాతం రేటు వర్తిస్తుంది, కాంట్రాక్టర్ బిల్లు మీద 18 శాతం పూర్తిగా మా ఖర్చే.

ఏప్రిల్ నుంచి పూర్తయ్యేదాకా 23.10 కావాలి. మిగిలిన రుణం 12.50, వాయిదాలు 8.70, మార్చి నిల్వ 1.90తో అది సరిపోతుంది. సివిల్ కాంట్రాక్టులో పట్టి ఉంచిన 5 శాతం రిటెన్షన్‌లో సగం, 1.40, పని పూర్తయిన 12 నెలల తరువాత చెల్లించాలి, అది ఈ 23.10లోనే ఉంది.

బార్ చార్టు, సర్టిఫై అయిన బిల్లుల నకళ్లు, బీ బ్లాక్ స్లాబుల తేదీల రిజిస్టర్ జతపరిచాం. తదుపరి అంచనా అక్టోబర్ 31 లెక్కలతో నవంబర్ 7న పంపుతాం.

ఇట్లు,
ప్రాజెక్ట్ కంట్రోల్స్ మేనేజర్