మందు వద్దని చెప్పడం ఎలా, ఎవరూ నొచ్చుకోకుండా

నేను మందు మానేసి 6 ఏళ్లయింది, మానడం కంటే పార్టీల్లో వద్దని చెప్పడమే ఎక్కువ కష్టమైంది. మొదట్లో ప్రతిసారీ ఏదో ఒక కారణం చెప్పేవాణ్ణి, యాంటీబయాటిక్ వాడుతున్నా అనో, కడుపు బాలేదనో. అక్కడే దొరికిపోయేవాణ్ణి. కారణం చెప్పామంటే ఎదుటోడికి వాదించడానికి పాయింట్ ఇచ్చినట్టే, "బీరుకేం కాదులేరా" అంటాడు. నెల తర్వాత ఇంకో ఫంక్షన్‌లో అదే మనిషి "ఇంకా తగ్గలేదా నీ జ్వరం?" అని అందరి ముందూ అడిగాడు, అప్పుడు నా మొహం చూడాల్సింది.

ఇప్పుడు "నాకొద్దు అన్నా, థాంక్స్", అంతే. నవ్వుతూ. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. మాట మార్చామంటే వీడు మెత్తబడ్డాడనుకుని ఇంకా పట్టుకుంటారు, అదే మాట మూడోసారి వింటే వాళ్లకే బోర్ కొడుతుంది. ఆ గ్యాప్‌లో "అమ్మాయి పరీక్షలు ఎలా రాసింది?" అని టాపిక్ మార్చెయ్యండి.

పెళ్లిళ్లలో అయితే వెళ్లగానే సోడాలో నిమ్మకాయ పిండించుకుని గ్లాసు చేత్తో పట్టుకోండి. ఖాళీ చెయ్యి కనిపిస్తేనే కదా బాటిల్ మనవైపు వచ్చేది. సగం కిందకి దిగకముందే మళ్లీ నింపుకోండి, ఎవరైనా పోయడానికి వంగితే గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టండి, మాట్లాడే పనే ఉండదు. చీర్స్ అన్నప్పుడు ఆ సోడా గ్లాసే ఎత్తితే చాలు, లోపల ఏముందో ఎవరూ చూడరు. ఒక్క చుక్క కూడా వద్దనుకునేవాళ్లు నాన్-ఆల్కహాలిక్ బీర్ తీసుకునే ముందు లేబుల్ చూసుకోండి, కొన్నిట్లో 0.5 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది.

ఆఫీస్ పార్టీ కొంచెం తేడా, అక్కడ పోసేది బాసే అవ్వొచ్చు. "సార్, నేను తాగను, కానీ మీతో కూర్చుంటా" అని కుర్చీ లాక్కుని కూర్చుంటే చాలామంది వదిలేస్తారు. వాళ్లక్కావాల్సింది మన కంపెనీ, మన తాగుడు కాదు. నిజంగా బండి నడపాల్సి ఉంటే అదీ చెప్పండి, దానికి ఎవరూ ఎదురు చెప్పలేరు. రెండో రౌండ్ తర్వాత మాత్రం మెల్లగా జారుకోవడం మంచిది, అప్పటికి వద్దన్న మాట ఎవరి చెవికీ ఎక్కదు.

ఇంట్లోవాళ్లతోనే అసలు తంటా. బాబాయి "నా మీద గౌరవం లేదా?" అంటాడు, అందరి ముందూ కాదంటే ఆయనకి చిన్నతనం. మా బాబాయి విషయంలో నేను ముందురోజే ఫోన్ చేసి "బాబాయ్, రేపు నన్ను బలవంతం చెయ్యకు, ఎవరైనా చేస్తే నువ్వే ఆపాలి" అన్నా. మర్నాడు మా బావ గ్లాసు పట్టుకుని వస్తుంటే "వాణ్ణి వదిలెయ్యరా" అని ఆయనే గట్టిగా అరిచాడు, ఆ గ్లాసు కూడా ఆయనే లాగేసుకున్నాడనుకోండి.