యూరియా బస్తా మీది 46 ఎలా వచ్చింది?

ఎరువుల దుకాణంలో యూరియా బస్తాను దగ్గరగా చూడు. 45 కిలోల నికర బరువుతో పాటు నత్రజని 46 శాతం అని కూడా ముద్రించి ఉంటుంది. యూరియా ఫార్ములా, నాలుగు పరమాణు ద్రవ్యరాశులు తెలిస్తే చాలు, ఆ 46 ఎక్కడి నుంచి వచ్చిందో నీ నోటు పుస్తకంలోనే తేల్చవచ్చు.

ఒక సమ్మేళనాన్ని 100 గ్రాములు తీసుకుంటే అందులో ఒక మూలకం ఎన్ని గ్రాములు ఉంటుందో, అదే ఆ మూలకపు ద్రవ్యరాశి శాతం.

ద్రవ్యరాశి శాతం = (ఫార్ములాలో ఆ మూలకపు మొత్తం ద్రవ్యరాశి ÷ సమ్మేళనపు ఫార్ములా ద్రవ్యరాశి) × 100

యూరియా ఫార్ములా CO(NH₂)₂. లెక్క తప్పేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే, కాబట్టి కాసేపు ఆగుదాం. బ్రాకెట్ బయట ఉన్న 2 లోపలి నైట్రోజన్‌కూ వర్తిస్తుంది, హైడ్రోజన్‌కూ వర్తిస్తుంది. అంటే నైట్రోజన్ పరమాణువులు 1 × 2 = 2, హైడ్రోజన్ పరమాణువులు 2 × 2 = 4. కార్బన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి. ఆ 2ను హైడ్రోజన్‌కు మాత్రమే వేసి నైట్రోజన్‌ను మరిచిపోతే ఫార్ములా ద్రవ్యరాశి 46 వస్తుంది, నైట్రోజన్ 14 ÷ 46, అంటే 30.43 శాతమే అవుతుంది. బస్తా మీది అంకెకు ఇంత దూరంగా జవాబు వచ్చిందంటే బ్రాకెట్ దగ్గరికే తిరిగి వెళ్లాలి.

C = 12, O = 16, N = 14, H = 1 అని తీసుకుందాం.

C : 1 × 12 = 12
O : 1 × 16 = 16
N : 2 × 14 = 28
H : 4 × 1 = 4
మొత్తం = 60

నైట్రోజన్ శాతం = (28 ÷ 60) × 100 = 46.67

మిగతావి కూడా కట్టి చూడు. కార్బన్ 20, ఆక్సిజన్ 26.67, హైడ్రోజన్ 6.67. నాలుగూ కూడితే 100.01 వస్తుంది. ఆ 0.01 తప్పు కాదు, దశాంశాలను సవరించడం వల్ల వచ్చింది. కూడితే 95 వచ్చిందనుకో, అప్పుడు మాత్రం ఎక్కడో పొరపాటు జరిగినట్టే. పరీక్షలో ఈ కూడికకు అర నిమిషం కేటాయించు.

ఇప్పుడు హైడ్రోజన్‌ను గమనించు. యూరియా అణువులోని 8 పరమాణువుల్లో 4 హైడ్రోజన్‌వే, అంటే సంఖ్యలో సగం. ద్రవ్యరాశిలో మాత్రం దాని వాటా 7 శాతం కూడా లేదు. నైట్రోజన్ సంఖ్యలో పావు వంతే అయినా బరువులో దాదాపు సగం. పరమాణువులను లెక్కపెట్టడంతో పని సగమే అయింది, ప్రతి సంఖ్యనూ దాని పరమాణు ద్రవ్యరాశితో గుణించాకే శాతం కట్టాలి. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా నచ్చే చోటు ఇదే.

మనకు 46.67 వస్తే బస్తా మీద 46 అని ఎందుకు ఉంది? మన లెక్క పూర్తిగా శుద్ధమైన యూరియాకు. తయారీలో బైయూరెట్ అనే మరో సమ్మేళనం కూడా కొంత ఏర్పడుతుంది, గింజలకు వేపనూనె పూత ఉంటుంది. అందుకే కనీసం 46 శాతం ఉండాలని ప్రమాణం పెట్టారు.

ఇంకో సంగతి. 1828లో ఫ్రెడరిక్ వోలర్ అమోనియం సయనేట్ నుంచి యూరియాను తయారు చేశాడు. అమోనియం సయనేట్ ఫార్ములా NH₄OCN. పరమాణువులు లెక్కపెట్టి చూడు: అవే నాలుగు మూలకాలు, అవే సంఖ్యలు, కాబట్టి అవే శాతాలు. పదార్థాలు మాత్రం వేరు. ఏ మూలకం ఎంత ఉందో శాతం చెబుతుంది గానీ, పరమాణువులు ఎలా కలిసి ఉన్నాయో చెప్పదు.

ఇక శాతం నుంచి బరువుకు రావడం. 45 కిలోల శుద్ధ యూరియాలో నైట్రోజన్ ఎంత?

45 × (28 ÷ 60) = 21 కిలోలు

ఇక్కడ 46.67 వాడకుండా 28 ÷ 60 అనే భిన్నాన్నే వాడాను. మధ్యలో సవరించిన దశాంశాన్ని ముందుకు మోసుకెళ్తే జవాబు కొంచెం పక్కకు జరుగుతుంది.

ఇదే 21 కిలోల నైట్రోజన్ అమోనియం సల్ఫేట్ నుంచి కావాలంటే ఎన్ని కిలోలు తీసుకోవాలి? ఫార్ములా (NH₄)₂SO₄, S = 32. కింది వరుసలు చూసే ముందు నువ్వే చేసి చూడు.

N : 2 × 14 = 28
H : 8 × 1 = 8
S : 1 × 32 = 32
O : 4 × 16 = 64
మొత్తం = 132

నైట్రోజన్ శాతం = (28 ÷ 132) × 100 = 21.21

కావలసిన బరువు = 21 × (132 ÷ 28) = 99 కిలోలు

రెండు ఫార్ములాల్లోనూ నైట్రోజన్ 28 యూనిట్లే. యూరియాలో ఆ 28తో పాటు మోయాల్సిన మిగతా బరువు 32 అయితే, అమోనియం సల్ఫేట్‌లో అది 104.