అంతర కళాశాలల క్రీడా పోటీలు: ప్రారంభ సభ వ్యాఖ్యానం

(ఉదయం 7.50. అతిథులు ప్రిన్సిపాల్ గారి గదిలో ఉంటారు. సన్నాయి రికార్డు తగ్గించాక.)

మైదానంలో ఉన్న అందరికీ శుభోదయం. జట్ల మేనేజర్లకు ఒక మనవి. మార్చ్‌పాస్ట్ కోసం మీ వాళ్లను దక్షిణం గేటు దగ్గర అక్షర క్రమంలో నిలబెట్టండి. ముందు ఆమదాలవలస, ఆ వెనుక ఇచ్ఛాపురం, టెక్కలి, నరసన్నపేట, పలాస, పాతపట్నం, సోంపేట. ఆతిథ్యం ఇస్తున్న శ్రీకాకుళం జట్టు అందరికన్నా వెనుక. నడకలో ఇంటివాళ్లు ఆఖరున ఉండడం మర్యాద. పతకాల పట్టికలో కూడా ఆ మర్యాద పాటించే ఉద్దేశం మాత్రం మా వాళ్లకు లేదట!

ట్రాక్ దాటేవాళ్లు దయచేసి సున్నం గీతల మీద అడుగు పెట్టకండి. రాత్రి మంచుకు తడిసి చెదిరిన గీతలను మా ఎన్.సి.సి. కేడెట్లు ఈ ఉదయం మళ్లీ వేశారు. ఇంకా ఆరలేదు.

(8.00. అతిథులు వేదిక దగ్గరికి వస్తుండగా.)

క్రీడాకారులకు, క్రీడాకారిణులకు, అధ్యాపకులకు, తల్లిదండ్రులకు, శ్రీకాకుళం పుర ప్రజలకు మా కళాశాల తరఫున హృదయపూర్వక స్వాగతం. ఇచ్ఛాపురం జట్టు ఒడిశా సరిహద్దు నుంచి నిన్న రాత్రే వచ్చి మా హాస్టల్లో దిగింది. పలాస వాళ్లు తెల్లవారకముందే రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, ఆటోల్లో మైదానానికి చేరారు. ఇంత దూరం వచ్చిన వాళ్లను ఉపన్యాసాలతో ఎండలో నిలబెట్టడం న్యాయం కాదు. అందుకే ఈ సభను తొమ్మిదిన్నరకు ముగిస్తామని పీడీ గారికి మాట ఇచ్చాం.

ఇప్పుడు పెద్దలను వేదిక మీదకు ఆహ్వానిద్దాం.

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ గారిని సాదరంగా ఆహ్వానిస్తున్నాం. గౌరవ అతిథి, జిల్లా క్రీడాభివృద్ధి అధికారి గారికి స్వాగతం. పోటీల కార్యనిర్వాహక కార్యదర్శి, మా ఫిజికల్ డైరెక్టర్ గారూ, మీరు ఆ స్టాప్‌వాచీలు కాసేపు ఎవరికైనా ఇచ్చి వేదిక మీదకు రావలసిందిగా కోరుతున్నాం.

(చప్పట్లు ఆగేవరకు ఆగాలి.)

ఇక నేటి ముఖ్య అతిథి. ఈ కళాశాలలో చాలా కాలం ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి పదవీ విరమణ చేసిన మా పెద్ద మాస్టారు. ఈ మైదానంలో ఆయనను పేరు పెట్టి పిలిచినవారు లేరు, ఇప్పుడు మేమూ పిలవం. ఆయన విజిల్ వేస్తే మైదానం అవతల క్యాంటీన్లో టీ గ్లాసులు కింద పెట్టి పరిగెత్తుకొచ్చేవాళ్లమని మా సీనియర్లు చెబుతారు. గుండు విసిరే పిల్లవాడికి భుజం నొప్పి వస్తే ముందు అడిగే ప్రశ్న, 'పొద్దున ఏం తిన్నావు?' ఆ ప్రశ్నకు జవాబు లేని రోజున మాస్టారి టిఫిన్ క్యారియర్ ఆ పిల్లవాడి చేతిలో ఉండేది. మాస్టారూ, వేదిక మీదకు దయచేయండి.

(అతిథులకు పూలగుత్తులు కాదు, మొక్కలు. తెచ్చేవాళ్లు ఎడమ మెట్ల నుంచి ఎక్కి కుడివైపు దిగాలి.)

శ్రీకాకుళం గడ్డకు క్రీడలు కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారిని జనం కలియుగ భీముడన్నారు. మన పట్టణంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్లారు. 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మన జిల్లా ఆడపడుచు. ఆమదాలవలస జట్టు గేటు దగ్గర అంత నిటారుగా ఎందుకు నిలబడిందో ఇప్పుడు అర్థమైందా?

(8.20. సెమ్మె వేదిక ముందుకు.)

ఇప్పుడు జ్యోతి ప్రజ్వలన. ఆరుబయట దీపం వెలిగించడమంటే నాగావళి గాలితో పోటీ పడడమే. అందుకే ఎన్.ఎస్.ఎస్. వాలంటీర్లు సెమ్మెకు మూడు వైపులా గాలికి అడ్డంగా నిలబడ్డారు. వాళ్లను దాటి ఫోటోల కోసం ఎవరూ ముందుకు రావద్దు. నువ్వుల నూనె పోసి, వత్తుల కొసలకు కర్పూరం అద్ది ఉంచాం. అతిథులు పాదరక్షలు విడిచి రావలసిందిగా ప్రార్థన. సభికులందరూ దయచేసి లేచి నిలబడండి.

తొలి వత్తిని పెద్ద మాస్టారు వెలిగిస్తారు.

(మంట నిలిచాక మాత్రమే తర్వాతి పిలుపు.)

రెండో వత్తి జిల్లా క్రీడాభివృద్ధి అధికారి గారు. మూడోది ప్రిన్సిపాల్ గారు. నాలుగోది ఫిజికల్ డైరెక్టర్ గారు.

అయిదో వత్తికి వేదిక మీద ఎవరూ మిగల్లేదు కదా అనుకుంటున్నారా? కావాలనే మిగిల్చాం. ఈ పోటీలకు వచ్చిన వారిలో అందరికన్నా చిన్నది, సోంపేట ఖోఖో జట్టులోని మొదటి సంవత్సరం విద్యార్థిని. రా అమ్మా! మాస్టారు నీకు కొవ్వొత్తి అందిస్తారు.

(చప్పట్లు. గాలికి వత్తి ఆరితే కంగారు పడకూడదు. "గాలి ఒక పాయింటు కొట్టింది, మళ్లీ ప్రయత్నిద్దాం" అని నవ్వి, మళ్లీ వెలిగించేవరకు ఆగాలి.)

మా సంగీత బృందం ప్రార్థన గీతం ఆలపిస్తుంది. ఆ తర్వాత ఆసీనులు కండి.

(8.35)

మార్చ్‌పాస్ట్ మొదలు. బ్యాండు సిద్ధం. ప్రతి జట్టూ వేదిక ముందున్న ఎర్ర జెండా దగ్గరికి రాగానే గౌరవ వందనం చేస్తుంది. మాస్టారు లేచి వందనం స్వీకరిస్తారు.

(జట్టు పేరు మాత్రమే చెప్పాలి, బ్యాండు మీద మాట్లాడకూడదు. పాతపట్నం జట్టులో ఆరుగురే ఉన్నారు. వాళ్లు వచ్చినప్పుడు చప్పట్లు గట్టిగా కొట్టించాలి.)

జట్లన్నీ మైదానం మధ్యలో నిలిచాయి. ఇప్పుడు క్రీడా ప్రతిజ్ఞ. మా కబడ్డీ జట్టు సారథి జెండా అంచు పట్టుకుని చదువుతాడు. మీరందరూ కుడిచేయి ముందుకు చాచి, వెంట పలకండి.

"ఈ పోటీల్లో నియమాలను గౌరవించి ఆడతామని, న్యాయనిర్ణేతల తీర్పును శిరసావహిస్తామని, మా కళాశాల గౌరవానికి, ఆటకు మచ్చ రానివ్వమని ప్రతిజ్ఞ చేస్తున్నాం."

(8.55)

ప్రిన్సిపాల్ గారు, అధికారి గారు చెరి అయిదు నిమిషాలు మాట్లాడతారు. ఎండ ఎక్కుతోంది కాబట్టి జట్లు ఉన్నచోటే కూర్చోవచ్చు. తర్వాత ముఖ్య అతిథి సందేశం. మాస్టారూ, మీకు మాత్రం సమయం పెట్టే ధైర్యం మాకు లేదు.

(మాస్టారి ప్రసంగం ముగిశాక, ఆయన చేతికి బెలూన్ల గుత్తి.)

పోటీలు ప్రారంభమైనట్టు ముఖ్య అతిథి ప్రకటిస్తారు.

(బెలూన్లు వదిలాక, డప్పులు. ఒక నిమిషం తర్వాత ఆపించాలి.)

అతిథులకు, బ్యాండు బృందానికి, తెల్లవారుజామున మైదానం ఊడ్చిన సిబ్బందికి ధన్యవాదాలు. అతిథులు వేదిక దిగి, నీడలో ఉన్న కుర్చీల వద్దకు రావలసిందిగా కోరుతున్నాం.

ఇక ప్రకటనలు. పురుషుల వంద మీటర్ల తొలి హీట్‌లో పరిగెత్తేవాళ్లు ఛాతీ నంబర్లు పిన్ను పెట్టుకుని పది నిమిషాల్లో వేపచెట్టు కింద పేరు నమోదు చేయించుకోవాలి. మహిళల గుండు విసురు ఉత్తరం వైపు. నాలుగు కిలోల గుండ్లు అక్కడే ఉన్నాయి. మహిళల కబడ్డీ మొదటి మ్యాచ్, టెక్కలి, నరసన్నపేట. కోర్టు నంబరు రెండు. టెక్కలి మేనేజరు గారూ, మీ జట్టు జాబితా ఇంకా టేబుల్‌కు అందలేదు, వెంటనే పంపించండి.